డీకంపోజిషన్ ప్లాట్ చదవడం: అట్టడుగు ప్యానెల్ ఏం చెబుతోంది?

టైమ్ సిరీస్‌ను సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి విడగొట్టమంటే ఒకదాని కింద ఒకటిగా నాలుగు బొమ్మలు వస్తాయి. ఒకటి అసలు డేటా. ఒకటి ట్రెండ్, అంటే నెమ్మదిగా పెరిగే లేదా తగ్గే భాగం. ఒకటి సీజనల్, అంటే ఏటా అదే వరసలో తిరిగి వచ్చే ఎత్తుపల్లాలు. ఈ రెండూ తీసేశాక ఏం మిగిలిందో చూపించేది నాలుగోది. దాన్ని ఇక్కడ మిగులు అంటాను.

చాలామంది ట్రెండ్, సీజనల్ చూసి సంతోషపడి, మిగులును నాయిస్ అని వదిలేస్తారు. నేనూ చాలాకాలం అదే పని చేశాను. ఒకసారి మీటింగ్‌లో ట్రెండ్ గీత గురించి గొప్పగా చెప్పి కూర్చోబోతుంటే వెనక వరసలోంచి ఒకావిడ, "కింద బొమ్మలో ఆ అలలు ఏంటండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి ఏ ప్లాట్ చేతికొచ్చినా ముందు అట్టడుగు బొమ్మే చూస్తున్నాను. పైన చేసిన విడదీత సరిగ్గా ఉందో లేదో చెప్పేది అదొక్కటే.

ఇదంతా ఒకే ఒక్క డేటాతో చూద్దాం. ఆర్ భాషలో `AirPassengers` అనే డేటా ముందే ఉంటుంది. 1949 జనవరి నుంచి 1960 డిసెంబర్ వరకు అంతర్జాతీయ విమాన ప్రయాణికుల సంఖ్య, నెలకు ఒకటి చొప్పున 144 అంకెలు. అన్నీ వేలల్లో ఉంటాయి, 112 అంటే లక్షా పన్నెండు వేల మంది. పాఠాల్లో అరిగిపోయిన డేటా ఇది, నిజమే. కానీ దీని మిగులును జాగ్రత్తగా చదివినవాళ్లు నాకు ఎక్కువమంది కనిపించలేదు.

## మొదటి అడుగు: ఒక్క నెలను తిరిగి కట్టి చూడండి

```r
d1 <- decompose(AirPassengers, type = "additive")
plot(d1)
```

ఇది కూడిక పద్ధతి. అంటే అసలు అంకె = ట్రెండ్ + సీజనల్ + మిగులు. గీతల వంపులు చూసి అభిప్రాయం ఏర్పరచుకునే ముందు ఏదో ఒక నెలను తీసుకుని ఈ కూడిక మీ చేత్తో వేయండి. 1959 జూలై తీసుకుందాం. అసలు అంకె 548. ఆ నెలకు ట్రెండ్ 430.7, సీజనల్ 63.8. రెండూ కలిపితే 494.5 వస్తుంది. 548కి ఇంకా 53.5 కావాలి, అదే మిగులు.

ఈ ఒక్క లెక్కతో రెండు సంగతులు తేలతాయి. ఒకటి, మూడు భాగాలూ నిజంగా కూడుతున్నాయా, గుణిస్తున్నాయా అన్నది. గుణకార పద్ధతిలో సీజనల్, మిగులు 1 చుట్టూ తిరుగుతాయి, కూడిక పద్ధతిలో 0 చుట్టూ. నిలువు అక్షం మీద అంకెలు చూస్తే ఇది వెంటనే తెలిసిపోవాలి, కానీ హడావుడిలో చూడం. రెండోది, ఆ 53.5 మనల్ని కాస్త ఉలిక్కిపడేలా చేయాలి. జూలై ప్రత్యేకత అని సీజనల్ చెప్పినది 63.8. దానికి దాదాపు సమానంగా ఇంకో ముక్క "లెక్కకు అందనిది"గా మిగిలిపోయింది. ఎక్కడో తేడా ఉంది.

ఇంకో మాట. బొమ్మల వరస అన్నిచోట్లా ఒకటి కాదు. `decompose` వేసే ప్లాట్‌లో డేటా, ట్రెండ్, సీజనల్, మిగులు అనే వరస ఉంటుంది. అదే ఆర్‌లో విడగొట్టే ఇంకో కమాండ్ `stl` వేసే ప్లాట్‌లో సీజనల్ ముందు, ట్రెండ్ తర్వాత వస్తాయి. మిగులుకు ఒకచోట `random` అనీ, ఇంకోచోట `remainder` అనీ, పైథాన్‌లో `resid` అనీ పేరు ఉంటుంది. మూడూ ఒకటే.

## రెండో అడుగు: ఎత్తును కంటితో కాదు, అక్షంతో కొలవండి

నాలుగు బొమ్మలూ కాగితం మీద ఒకే ఎత్తులో ఉంటాయి. అందుకే కన్ను మోసపోతుంది. సాఫ్ట్‌వేర్ ఒక్కో బొమ్మను దాని చోటు నిండేలా సాగదీస్తుంది. 350 మేర పెరిగే ట్రెండూ, 100 మాత్రమే ఊగే మిగులూ ఒకే ఎత్తులో కనిపిస్తాయి. అందుకని ప్రతి బొమ్మకూ అక్షం మీద కింది అంకె, పై అంకె చూసి తేడా రాసుకోండి.

మన కూడిక ప్లాట్‌లో ట్రెండ్ సుమారు 127 నుంచి 475 దాకా వెళుతుంది, అంటే 348 మేర. సీజనల్ నవంబర్‌లో −53.6కు దిగి, జూలైలో 63.8కి ఎక్కుతుంది, అంటే 117 మేర. మిగులు సుమారు −44 నుంచి +61 దాకా, అంటే 105 మేర.

చివరి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టండి. సీజనల్ 117, మిగులు 105. అసలు డేటా గీత చూస్తే ఏటా వేసవిలో ఎగసే కొండలు ఎంత క్రమంగా ఉన్నాయో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. అంత క్రమమైన డేటాలో లెక్కకు అందని భాగం, సీజనల్ అంత పెద్దదిగా ఎందుకు ఉంటుంది? ఉండకూడదు. ఇక్కడ తప్పు డేటాది కాదు, మనం విడగొట్టిన పద్ధతిది.

ఆర్‌లో `stl` ప్లాట్ అయితే ఈ కొలతకు ఒక సాయం ఉంది. ప్రతి బొమ్మ కుడి అంచున ఒక బూడిద రంగు పట్టీ నిలువుగా ఉంటుంది. అన్ని పట్టీలూ డేటా కొలతలో ఒకే పొడవువి, బొమ్మను ఎంత సాగదీశారో దాన్నిబట్టి పెద్దగానో చిన్నగానో కనిపిస్తాయి. పట్టీ పొడుగ్గా ఉంటే ఆ బొమ్మను బాగా సాగదీశారని, అంటే ఆ భాగం నిజానికి చిన్నదని అర్థం. కొత్తవాళ్లు దీన్ని తిరగేసి చదువుతారు, పెద్ద పట్టీ అంటే పెద్ద ప్రభావం అనుకుంటారు. నేను కూడా మొదట్లో అలాగే అనుకున్నాను.

## మూడో అడుగు: మిగులులో ఆకారం వెతకండి

మంచి విడదీతలో మిగులుకు ఆకారం ఉండకూడదు. ఎక్కడ చూసినా దాదాపు ఒకే వెడల్పులో, పైకీ కిందకీ అడ్డదిడ్డంగా ఊగాలి. ఆకారం కనిపించిందంటే ట్రెండ్‌లోకో సీజనల్‌లోకో వెళ్లాల్సినది ఇక్కడికి వచ్చి పడిందన్నమాట.

మన కూడిక ప్లాట్‌లో మిగులు మొదట్లో పెద్దగా ఊగుతుంది, 1954 ప్రాంతంలో బాగా సన్నబడుతుంది, చివర్లో మళ్లీ పెద్దదవుతుంది. నడుము కట్టినట్టు ఉంటుంది. ఆ నడుము ఎలా వచ్చిందో మూడు జూలైలు తీసుకుని చూద్దాం.

| జూలై | అసలు అంకె | ట్రెండ్ | ట్రెండ్ మీద ఎంత ఎక్కువ | మిగులు |
|---|---|---|---|---|
| 1949 | 148 | 126.8 | 21.2 | −42.6 |
| 1954 | 302 | 240.5 | 61.5 | −2.3 |
| 1959 | 548 | 430.7 | 117.3 | +53.5 |

నాలుగో నిలువు వరస చూడండి. 1949లో జూలై నెల ట్రెండ్ మీద 21 ఎక్కువ, పదేళ్ల తర్వాత 117 ఎక్కువ. కూడిక పద్ధతి ఏం చేస్తుందంటే, అన్ని జూలైల్లోని ఈ తేడాలకూ సగటు తీసి, ప్రతి ఏడాదికీ అదే 63.8 అంటిస్తుంది. 1949కి అది చాలా ఎక్కువ, అందుకే మిగులు కిందకు పడింది. 1959కి చాలా తక్కువ, అందుకే పైకి లేచింది. మధ్యలో 1954 సగటుకు దగ్గరగా ఉంది కాబట్టి అక్కడ మిగులు దాదాపు సున్నా.

నవంబర్ పల్లం కదా, అక్కడ ఇదే కథ తలకిందులుగా నడవాలి. నడిచిందా అంటే, 1949 నవంబర్‌లో మిగులు +28.6, 1959 నవంబర్‌లో −30.2. కొండల్లో మైనస్ నుంచి ప్లస్‌కు, పల్లాల్లో ప్లస్ నుంచి మైనస్‌కు. మిగులులో ఈ జంట కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు, సీజనల్ ఊపు ట్రెండ్‌తో పాటు పెరుగుతోంది. దానికి గుణకార పద్ధతి కావాలి.

```r
d2 <- decompose(AirPassengers, type = "multiplicative")
plot(d2)
```

ఇప్పుడు అసలు అంకె = ట్రెండ్ × సీజనల్ × మిగులు. జూలై సీజనల్ 1.227, అంటే ట్రెండ్ కన్నా సుమారు 23 శాతం ఎక్కువ. నవంబర్ 0.801, సుమారు 20 శాతం తక్కువ. 1959 జూలైని మళ్లీ కట్టి చూస్తే 430.7 × 1.227 × 1.037, దాదాపు 548. మిగులు 1.037 అంటే 3.7 శాతం ఎక్కువ. ఉలిక్కిపడాల్సినంత కాదు.

అన్ని డేటాలకూ గుణకారమే మేలని దీని అర్థం కాదు. ట్రెండ్ ఎంత పెరిగినా సీజనల్ ఊపు మారని డేటాకు గుణకారం వాడితే ఇదే నడుము ఇంకోలా తయారవుతుంది, మైనస్ ప్లస్‌లు మాత్రం అటూ ఇటూ అవుతాయి. డేటాలో సున్నాలు ఉంటే గుణకారం పనికిరాదు కూడా.

## నాలుగో అడుగు: ట్రెండ్‌ను చదవడం

ట్రెండ్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, కానీ రెండు చోట్ల జనం తప్పటడుగు వేస్తారు.

`decompose` ట్రెండ్‌ను పన్నెండు నెలల మూవింగ్ యావరేజ్‌తో లెక్కిస్తుంది. అంకె చుట్టూ ముందు ఆరు నెలలు, వెనక ఆరు నెలలు కావాలి. అందుకే ట్రెండ్ 1949 జూలైలో మొదలై 1960 జూన్‌తో ఆగిపోతుంది. ఆ రెండు కొసల్లో మిగులు కూడా ఉండదు. గీత ఆగిపోయిందంటే సాఫ్ట్‌వేర్ పాడైందని కాదు. `stl` అయితే చివరి నెల దాకా గీత గీస్తుంది. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే చివర్లో ఒకవైపు డేటా మాత్రమే ఉంటుంది. కొత్త నెలలు వచ్చి చేరాక ఆ చివరి వంపు మారిపోవచ్చు. "ట్రెండ్ ఈ మధ్యే మలుపు తిరిగింది" అని ఎవరైనా అంటే ఆ మలుపు చివరి ఆరు నెలల్లో ఉందా అని అడగండి.

రెండోది, సగటు తీయడం వల్ల అంచులు మెత్తబడతాయి. ఒక్క నెలలో ఠక్కున దూకిన డేటా కూడా ట్రెండ్‌లో ఏడాది పొడుగునా నెమ్మదిగా ఎక్కినట్టు కనిపిస్తుంది. ఆ దూకుడుకు అటూ ఇటూ మిగులులో ముందు కిందకు, వెంటనే పైకి ఒక విరుపు వస్తుంది. ట్రెండ్‌లో ఏడాది పొడవున్న ఏటవాలు, దాని కిందే మిగులులో ఆ విరుపు కనిపిస్తే అసలు డేటాకు వెళ్లి చూడండి.

మన డేటాలో అంత దూకుడు ఏమీ లేదు. కానీ ట్రెండ్ గీత ఒకచోట కాస్త చదునుగా పడుతుంది. ఏటా మార్చి నెల ట్రెండ్ తీసుకుంటే 1956లో 318.6, 1957లో 357.6, 1958లో 379.5, 1959లో 411.9, 1960లో 465.2. పెరుగుదల శాతాల్లో వరసగా 12, 6, 8.5, 13. 1957, 1958 మధ్య వేగం సగానికి పడిపోయి, తర్వాత కోలుకుంది. 1957 ఆగస్టు నుంచి 1958 ఏప్రిల్ దాకా అమెరికాలో ఆర్థిక మాంద్యం ఉంది. రెండూ ఒకే కాలంలో పడ్డాయి, అంతవరకు చెప్పవచ్చు. దాని వల్లే ఇది జరిగిందని ఈ ప్లాట్ చూసి చెప్పలేం, ప్లాట్‌కు కారణాలు తెలియవు.

## ఐదో అడుగు: మిగులును నెలల వారీగా పేర్చండి

గుణకార ప్లాట్‌లో మిగులు చూస్తే ఇప్పుడు కాస్త నిశ్చింతగా అనిపిస్తుంది. నడుము చాలావరకు పోయింది. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. నా మటుకు అసలు చదవడం ఇక్కడే మొదలవుతుంది.

మిగులు ప్యానెల్ కాలక్రమంలో గీస్తారు. జనవరి పక్కన ఫిబ్రవరి, దాని పక్కన మార్చి. అలా చూస్తే ఒక నెలలో ఏటేటా వస్తున్న మార్పు కనిపించదు, మధ్యలో పదకొండు నెలలు అడ్డం పడతాయి. కాబట్టి అన్ని మార్చిలనూ ఒకచోట, అన్ని జూలైలనూ ఒకచోట చేర్చి చూడాలి. ఆర్‌లో దీనికి ఒక్క లైను చాలు. రెండు కొసల్లో ఖాళీలు ఉన్నాయి కాబట్టి వాటిని ముందే కత్తిరిద్దాం.

```r
r <- window(d2$random, c(1949, 7), c(1960, 6))
monthplot(r)
```

పన్నెండు చిన్న గీతలు పక్కపక్కన వస్తాయి, నెలకు ఒకటి. ఇందులో ప్రతి గీతా అడ్డదిడ్డంగా ఉండాలి. జూలై చూడండి. 1949లో 0.95, 1954లో 1.02, 1959లో 1.04. మెల్లగా ఎక్కుతోంది. ఇక మార్చి:

| సంవత్సరం | మార్చి మిగులు |
|---|---|
| 1950 | 1.04 |
| 1951 | 1.09 |
| 1952 | 1.01 |
| 1953 | 1.06 |
| 1954 | 1.00 |
| 1955 | 0.98 |
| 1956 | 0.99 |
| 1957 | 0.99 |
| 1958 | 0.95 |
| 1959 | 0.98 |
| 1960 | 0.89 |

మొదటి ఐదేళ్లూ 1కి తగ్గలేదు (1954లో 1.004). తర్వాతి ఆరేళ్లూ 1కి లోపే. నిజంగా అడ్డదిడ్డమైన అంకెలు ఇలా బారులు తీరి నిలబడవు. కాలక్రమ ప్యానెల్‌లో ఎంత వెతికినా ఇది కనపడదు, నెలల వారీగా పేర్చగానే కళ్లముందు నిలుస్తుంది.

దీనర్థం ఏమిటి? `decompose` ప్రతి నెలకూ ఒకే ఒక సీజనల్ అంకె ఇస్తుంది, పన్నెండేళ్లకూ అదే. మార్చికి 1.007. కానీ ఏడాదిలో మార్చి వాటా ఏటేటా తగ్గుతూ వచ్చింది, జూలై వాటా పెరుగుతూ వచ్చింది. ప్రయాణాలు వేసవిలో మరింత కిక్కిరిశాయన్నమాట. సీజనల్ ప్యానెల్‌లో అచ్చుగుద్దినట్టు ఒకేలా కనిపించే ఆ పన్నెండేళ్ల కొండలు డేటా చెప్పిన మాట కాదు, మనం పద్ధతికి పెట్టిన షరతు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి. "సీజనల్ ఎంత స్థిరంగా ఉందో చూడండి" అంటూ ఆ ప్యానెల్‌ను చూపించేవాళ్లు, తాము పెట్టిన షరతునే రుజువుగా చూపిస్తున్నారు.

## ఆరో అడుగు: ఒంటరి చుక్కకు కథ అల్లే ముందు

1960 మార్చి దగ్గర మిగులు 0.89. అంటే ట్రెండ్, సీజనల్ కలిసి చెప్పినదానికన్నా పదిశాతానికి పైగా తక్కువ. మొత్తం ప్లాట్‌లో కొట్టొచ్చినట్టు కనిపించే చుక్కల్లో ఇదొకటి. ఇలాంటిది కనపడగానే మనసు కారణం కోసం పరుగెడుతుంది. ఇక్కడ ఒక చక్కని కారణం సిద్ధంగా ఉంది కూడా.

ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది, ఒక్కోసారి మార్చిలో, ఎక్కువగా ఏప్రిల్‌లో. 1959లో మార్చి 29న వచ్చింది, 1960లో ఏప్రిల్ 17న. సెలవు ప్రయాణాలు మార్చి నుంచి ఏప్రిల్‌కు జరిగిపోయాయి, అందుకే మార్చి పడిపోయింది. 1951లో ఈస్టర్ మార్చి 25న, ఆ మార్చి మిగులు 1.09, అదీ సరిపోయింది. బాగా అతికింది కదా?

ఇప్పుడు మిగతా ఏళ్లు కూడా చూడండి. 1954లో ఈస్టర్ ఏప్రిల్ 18న, దాదాపు 1960 లాగే. ఆ మార్చి మిగులు 1.00, పడిపోలేదు. 1957లో ఇంకా ఆలస్యంగా ఏప్రిల్ 21న, మిగులు 0.99. పోనీ 1959లో ఈస్టర్ మార్చిలోనే వచ్చింది కదా, మార్చి ఎగిసిందా? లేదు, 0.98. కథకు సరిపోయిన రెండేళ్లు చూసి నమ్మేశాం, సరిపోని మూడేళ్లు చూడలేదు. ఈస్టర్ ప్రభావం అసలు లేదని కాదు. క్యాలెండర్ ప్రభావాలను విడిగా లెక్కగట్టే పద్ధతులు ఈ డేటాలో దాన్ని పట్టుకుంటాయి, కానీ అది రెండు శాతం లోపు. పదిశాతం పతనాన్ని అది మోయలేదు.

మరి మిగతాది? ఐదో అడుగులో చూసిన మార్చి జారుడును లెక్కలోకి తీసుకోండి. 1957, 58, 59 మార్చిల మిగులు సగటు సుమారు 0.97. కాబట్టి 1960 మార్చిని 1తో కాదు, 0.97తో పోల్చాలి. అప్పుడు లోటు సుమారు ఎనిమిది శాతం. అందులో కొంత ఈస్టర్ అనుకున్నా ఇంకా చాలా మిగులుతుంది. దాన్ని నేను "వివరణ లేదు" అనే రాస్తాను. ఇలా రాయడానికి మొహమాటపడి ఏదో ఒక కారణం అతికించడం రిపోర్టుల్లో తరచూ చూస్తుంటాను.

కాబట్టి ఏ ఒంటరి చుక్కకైనా కారణం తోచిందంటే, అదే కారణం వర్తించే మిగతా ఏళ్లన్నీ వెతికి అక్కడ చుక్క ఎటు పడిందో చూడండి. ఐదు నిమిషాల పని.

## ఏడో అడుగు: సీజనల్‌ను కదలనిచ్చి మళ్లీ గీయండి

సీజనల్ మారుతోందని తెలిసింది కాబట్టి మారడానికి అనుమతించే పద్ధతి కావాలి. 1990లో వచ్చిన ఎస్‌టీఎల్, అంటే పైన చెప్పిన `stl`, ఆ పని చేస్తుంది. అది కూడిక పద్ధతే, అందుకే గుణకార డేటాను కూడికగా మార్చడానికి ముందు లాగరిథమ్ తీసుకుంటాం.

```r
s <- stl(log(AirPassengers), s.window = 7, robust = TRUE)
plot(s)
monthplot(s, choice = "remainder")
```

ఇక్కడ అక్షం మీద అంకెలు లాగరిథమ్‌లు. 0.2 అని కనిపిస్తే ఇరవై శాతం అనుకోకండి, `exp(0.2)` వేస్తే 1.22, అంటే 22 శాతం. చిన్న అంకెలకు తేడా పట్టించుకోనక్కర్లేదు, 0.03 అంటే మూడు శాతమే అనుకోవచ్చు.

`s.window` అనేది సీజనల్ ఎంత స్వేచ్ఛగా కదలవచ్చో చెప్పే మీట. ఒక మార్చి సీజనల్‌ను లెక్కించడానికి చుట్టుపక్కల ఎన్ని మార్చిలను చూడాలి అన్నమాట. 7 పెడితే దగ్గరి ఏడేళ్లు, 15 పెడితే పదిహేనేళ్లు. `"periodic"` అని పెడితే అసలు కదలదు, `decompose` లాగే ఒకే ఆకారం. బేసి సంఖ్య పెట్టాలి, 7కు తగ్గకపోవడం మంచిది.

ఈ మీటను ఎంత తగ్గిస్తే మిగులు ప్యానెల్ అంత శుభ్రంగా కనిపిస్తుంది. అదే ఇందులో ఉచ్చు. మిగులు చిన్నదైందంటే విడదీత మెరుగైందని కాదు, సీజనల్‌కు స్వేచ్ఛ ఎక్కువిస్తే అది నాయిస్‌ను కూడా మింగేస్తుంది. గుర్తుపట్టడానికి సీజనల్‌ను కూడా నెలల వారీగా పేర్చి చూడండి, ఉత్తి `monthplot(s)` చాలు. ఒక్కో నెల గీత నున్నగా ఎక్కుతూనో దిగుతూనో ఉంటే అది నిజమైన మార్పు కావచ్చు. ఏటేటా పైకీ కిందకీ కుదుపులతో ఉంటే మిగులులో ఉండాల్సిన నాయిస్ అక్కడికి వెళ్లిందని అర్థం. అప్పుడు 7ను 11కో 15కో పెంచండి. నేనైతే రెండు మూడు విలువలతో గీసి పక్కపక్కన పెట్టుకుంటాను. అన్నిట్లోనూ నిలబడే సంగతి మాత్రమే రిపోర్టులోకి వెళుతుంది. మన డేటాలో మార్చి దిగడం, జూలై ఎక్కడం ఆ బాపతు.

ఇక 1960 మార్చి సంగతి. అది మార్చిల వరసలో ఆఖరిది. దాని తర్వాత ఇంకో మార్చి లేదు కాబట్టి, సీజనల్‌ను లెక్కించేటప్పుడు ఆ అంకెకు తన చోట చాలా బరువు ఉంటుంది. ఆ పతనంలో కొంత భాగం సీజనల్‌లోకి జారిపోయి మిగులు తక్కువగా కనిపించే అవకాశం ఉంది. `robust = TRUE` పెట్టింది అందుకే, మరీ విడ్డూరంగా ఉన్న అంకెల బరువు అది తగ్గిస్తుంది. ఆ మాట తీసేసి ఇంకోసారి గీయండి. రెండు ప్లాట్లలో 1960 మార్చి సీజనల్ ఎంత, మిగులు ఎంత అన్నది అంకెలుగా చూడాలంటే:

```r
window(s$time.series, c(1960, 3), c(1960, 3))
```

ఈ తేడా ఉత్తి బొమ్మల తేడా కాదు. తర్వాతి ఏడాదికి అంచనా వేయాల్సి వస్తే చివరి సీజనల్ ఆకారాన్నే ముందుకు తీసుకెళతారు. ఆ పతనం సీజనల్‌లో చేరితే 1961 మార్చికి తక్కువ ప్రయాణికులు వస్తారని అంచనా వస్తుంది. మిగులులోనే ఉంటే అంచనా మామూలుగా ఉంటుంది. ఏది సరైనదో 1961 మార్చి అంకె చెప్పాలి, కానీ ఈ డేటా 1960 డిసెంబర్‌తో అయిపోయింది. కాబట్టి నేను రెండు అంచనాలూ ఇచ్చి, ఆ ఒక్క నెల గురించి కింద ఒక వాక్యం రాస్తాను.